పరిహారం రసీదు మీద ‘అండర్ ప్రొటెస్ట్’ను తెలుగులో ఏమని రాయాలి?

సుజాత: కాలువ కోసం మా మామయ్యగారి పొలం పోతోంది. 2013 భూసేకరణ చట్టం కింద కలెక్టరు పరిహారం ఖరారు చేస్తూ అవార్డు ఇచ్చారు కానీ రేటు మరీ తక్కువ. డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద ‘నిరసనతో’ అని రాయమని ఒకరు, ‘అభ్యంతరంతో’ అని రాయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది సరైన తెలుగు?

శ్రీనివాస్: ఏది రాసినా ఒకటేనండి. సంతకం పెట్టి డబ్బు తీసుకున్నారంటే ఒప్పుకున్నట్టే. తీసుకోకుండా కోర్టుకు వెళ్లాలి.

రామ్మోహన్: శ్రీనివాస్ గారు చెప్పింది సగం నిజం. ఏ అభ్యంతరమూ చెప్పకుండా తీసుకుంటే, 77వ సెక్షన్ ప్రకారం ఎక్కువ పరిహారం అడిగే హక్కు పోతుంది. మొత్తం చాలదని చెబుతూ తీసుకుంటే ఆ హక్కు ఉంటుంది, డబ్బూ చేతికొస్తుంది.

ఇక మాట సంగతి. ‘నిరసన’ అనగానే ధర్నా గుర్తొస్తుంది. ‘అభ్యంతరం’ నయమే గానీ అందులో ఒక చిక్కుంది. మొదటి నోటిఫికేషన్ వచ్చాక, ఇది అసలు ప్రజా ప్రయోజనమేనా, ఈ భూమే కావాలా అని 60 రోజుల్లో ఇచ్చే అర్జీలనూ అభ్యంతరాలనే అంటాం. ఆ దశ దాటిపోయింది. ఇప్పటి గొడవ డబ్బు గురించే. అందుకని ‘పరిహారం మొత్తం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని పూర్తిగా రాయమంటాను.

వెంకటేశ్వర్లు: మాది అమరావతి. ఏటా కౌలు డబ్బులు పడుతున్నాయి. మేమూ ఇలా రాసివ్వాలా?

రామ్మోహన్: మీది పూలింగ్ అండీ. ప్లాట్ల కోసం ఒప్పందం రాసి ఇచ్చిన భూమి. దానికి అవార్డు ఉండదు కాబట్టి ఈ సెక్షన్ మీకు వర్తించదు.

సుజాత: డబ్బు నేరుగా ఖాతాలో వేస్తారట. రసీదే లేకపోతే ఎక్కడ రాయాలి?

రామ్మోహన్: డబ్బు పడకముందే అదే వాక్యంతో భూసేకరణ ఆఫీసులో ఒక లేఖ ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అంతకంటే ముఖ్యం, పరిహారం వివాదాన్ని పై విచారణకు పంపమని, అంటే రిఫరెన్స్ కోరుతూ, 64వ సెక్షన్ కింద కలెక్టరుకు ఇచ్చే దరఖాస్తు. అవార్డు ఇచ్చేటప్పుడు అక్కడ ఉన్నవాళ్లకు 6 వారాలే గడువు. లేనివాళ్ల లెక్క వేరు, అవార్డు తేదీ తీసుకెళ్లి వకీలుకు చూపించండి. పాత 1894 చట్టం మీద, అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1994లో ఒక మాట అంది. రిఫరెన్స్ అడిగాడంటేనే అవార్డు నచ్చలేదని అర్థమట. అలాగని లేఖ మానేయకండి.

శ్రీనివాస్: అయితే ‘అండర్ ప్రొటెస్ట్’ అనే తెలుగు లిపిలో రాస్తే పోదా? గుమాస్తాకు తెలిసిన మాట అదే.

మాధవి: గుమాస్తాకు తెలుసు సరే, సంతకం పెట్టే రైతుకు? తన రసీదులో ఏముందో తనకు అర్థం కావద్దా? నా ఓటు రామ్మోహన్ గారి వాక్యానికే. కాకపోతే ‘మొత్తం’ తీసేయొచ్చు.

రామ్మోహన్: చట్టం పట్టించుకునేది ఆ మొత్తాన్నే కదమ్మా. నేనైతే ఉంచుతాను.