రష్యన్‌లో సంతాప లేఖ: నా డ్రాఫ్టులో ఏం తప్పు?

దస్త్రాలు_హైద్: మా మాస్కో ఆఫీసులో ఆరేళ్లుగా మాతో పనిచేసిన పెద్దాయన గుండెపోటుతో పోయారు. 52 ఏళ్లు. భార్య, చదువుకుంటున్న కొడుకు ఉన్నారు. మందుల రిజిస్ట్రేషన్ కాగితాలన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్లేవి. హైదరాబాద్ టీమ్ తరఫున రష్యన్‌లోనే ఉత్తరం పంపాలని అనుకున్నాం. పేర్లు మార్చి నా డ్రాఫ్టు పెడుతున్నాను:

"ఉవజాయెమయా ఇరీనా పెత్రోవ్నా! పో స్లూచాయు స్మేర్తి అంద్రేయ్ వీక్తరవిచ్ మీ విరజాయెమ్ వామ్ గ్లుబోకుయు సింపాతియు. పుస్త్ యివో దుషా పకోయిత్సా స్ మీరమ్. దెర్జీతెస్, వ్రేమ్యా లేచిత్."

ఎల్లుండిలోగా పంపాలి. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

మాస్కోమెట్రో: మొదటి లైన్లోనే పెద్ద తప్పుంది. పేరు పక్కన ఆశ్చర్యార్థకం! చావు ఇంట్లో కేక పెట్టినట్టుంటుంది. కామా పెట్టండి. మిగతాది పర్వాలేదు.

గుంటూరుమిర్చి: "వ్రేమ్యా లేచిత్" తీసేయండి ముందు. కాలమే మాన్పుతుందని శవం లేచిన మర్నాడే చెప్తారా?

వోల్గాగట్టు: మిగతాది పర్వాలేదా? మెట్రో గారూ, రెండో వాక్యం చూశారా అసలు?

"సింపాతియా" అంటే సానుభూతి కాదండీ. ఇంగ్లీషు మాటను పోలి ఉందని మనవాళ్లు అందరూ ఇక్కడే జారిపడతారు. రష్యన్‌లో అది ఒకరి మీద కలిగే ఇష్టం, ఒకరు నచ్చడం. భర్త పోయిన ఆవిడకి "మీ పట్ల మాకు గాఢమైన ఇష్టం" అని రాసినట్టయింది. మీకు కావలసిన మాట "సబలెజ్నవానియా". దీన్ని బహువచనంలో వాడడం మామూలు: "ప్రిమీతె నాషి ఇస్క్రెన్నియె సబలెజ్నవానియా", అంటే మా హృదయపూర్వక సంతాపాన్ని స్వీకరించండి.

రెండోది "పో స్లూచాయు". ఈ మాట పుట్టినరోజుకి, జూబిలీకి, కొత్త ఇంటికి. "సందర్భంగా" అన్న మన మాటకి తిన్నగా అది దొరుకుతుంది కాబట్టి పెట్టేశారు. ఇక్కడ రావలసింది "వ్ స్వ్యజీ స్ కన్‌చీనయ్". "స్మేర్త్" తప్పు మాట కాదు, డాక్టరు కాగితంలో ఉండేది అదే. ఉత్తరంలో మాత్రం "కన్‌చీనా" రాస్తారు. మనం "చచ్చిపోయారు" అనకుండా "కాలం చేశారు" అన్నట్టు.

మూడోది విభక్తి. పేరును అలా మొద్దులా వదిలేయకూడదు. "కన్‌చీనయ్" తర్వాత పేరు, తండ్రిపేరు రెండూ షష్ఠిలోకి మారాలి: "అంద్రేయా వీక్తరవిచా". అదే పేరు, "వెలుగు నిండిన జ్ఞాపకం" అనే అర్థమున్న "స్వెత్లయా పామ్యత్" తర్వాత వస్తే చతుర్థి: "అంద్రేయు వీక్తరవిచు". తెలుగువాళ్లం మనకి ఇది అర్థం కాని సంగతేమీ కాదు, "రాముడు యొక్క" అని ఎవరం రాయం కదా. కానీ మనవాళ్లు పంపే ఉత్తరాల్లో పేరు ప్రథమా విభక్తిలోనే నిలబడి ఉంటుంది. చదివేవాళ్లకి అది ఫారంలో ఖాళీ పూరించినట్టు కనిపిస్తుంది.

మాస్కోమెట్రో: అవన్నీ సరే. ఆశ్చర్యార్థకం సంగతి తేల్చండి. ఉండాలా వద్దా?

వోల్గాగట్టు: రష్యన్ ఉత్తరాల్లో సంబోధన తర్వాత ఆ గుర్తు మామూలే. కరెంటు బిల్లు నోటీసులో కూడా ఉంటుంది, అది కేక కాదు. సంతాప లేఖలో చాలామంది కామాకే మొగ్గుతారు, నేనూ అంతే. కామా పెడితే మాత్రం తర్వాతి పంక్తి చిన్న అక్షరంతో మొదలవ్వాలి. కామా పెట్టి కింద పెద్ద అక్షరం పెడితే అది రెండు పద్ధతుల కలగూరగంప.

మాస్కోమెట్రో: "మొగ్గుతారు" కాదు. ఆ గుర్తు తప్పే. అలాగే "వీ", అంటే "మీరు", ఎప్పుడూ పెద్ద అక్షరంతోనే రాయాలి, అదీ రాయండి. గౌరవం.

వోల్గాగట్టు: ఎప్పుడూ కాదు. ఒక్కరికి రాస్తేనే పెద్ద అక్షరం. తల్లికీ కొడుక్కీ కలిపి "ఉవజాయెమియె", అంటే "గౌరవనీయులారా", అని మొదలుపెడితే లోపలున్న "మీకు", "మీ" అనే "వామ్", "వాషెయ్" అన్నీ చిన్న అక్షరాలే. గౌరవం ఎక్కువైందని అందరికీ పెద్ద అక్షరం పెట్టడం కంపెనీ ప్రకటనల అలవాటు. అందుకే ఎవరికి రాస్తున్నారో ముందు తేల్చుకోమంటాను. ఇరీనా పెత్రోవ్నాకే రాసి, కొడుకును లోపల ఒక మాటలో తలిస్తే ఈ గొడవ ఉండదు.

స్టీల్‌సిటీ: వైజాగ్ ప్లాంటు రోజుల నుంచి రష్యన్లతో పరిచయం ఉన్నవాణ్ణి. "పుస్త్ జెమ్ల్యా బూదెత్ పూఖమ్" లేకుండా సంతాపమేంటి? నేల మెత్తగా ఉండుగాక అని. ఎంత అందమైన మాట! మా ఇంట్లో చావు జరిగినప్పుడు ఆఫీసు నుంచి రెండు లైన్ల టైపు కాగితం వచ్చింది, ఇప్పటికీ మంట నాకు. పొడిపొడిగా రాయకండి.

వోల్గాగట్టు: అందమైన మాటే, సమాధి దగ్గరా భోజనం బల్ల దగ్గరా అంటారు. ఉత్తరంలో రెండు చిక్కులున్నాయి. దహనం చేసి ఉంటే "నేల మెత్తగా" అనడం ఎబ్బెట్టు. చర్చికి గట్టిగా వెళ్లేవాళ్లలో కొందరు అది క్రైస్తవుల మాట కాదని ముఖం చిట్లిస్తారు. అటువైపు "త్సార్‌స్త్వియె నెబ్యేస్నయె", అంటే "స్వర్గ రాజ్యం", అని రాస్తే నమ్మకం లేని ఇంట్లో పొసగదు. దస్త్రాలు గారూ, మీ "దుషా పకోయిత్సా స్ మీరమ్" కూడా అంతే. మన "ఆత్మకు శాంతి"ని దించినట్టుంది. ఆ కుటుంబానికి దేవుడున్నాడో లేడో మీకు తెలియదు. "స్వెత్లయా పామ్యత్" ఏ ఇంట్లోనైనా చెల్లుతుంది.

చల్లపల్లి_చెరువు: ఇలా ఒక్కోటీ తీసేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుందండీ? అన్నీ అచ్చు ముక్కలే కదా. ఏడుపు రాని ఉత్తరం ఎందుకు?

వోల్గాగట్టు: ఏడుపు వాళ్లది, మనది కాదు. అచ్చు ముక్కలు మొదట్లోనూ చివర్లోనూ ఉండాలి, తలుపుకి రెండు గడపల్లాగా. మధ్యలో రెండు వాక్యాలు మీవి. అక్కడ ఆయన చేసిన ఒక పని రాయండి, కుటుంబానికి తెలియనిది. "గొప్ప మనిషి, తీరని లోటు" అని రాస్తే ఎవరి గురించైనా సరిపోతుంది. విశేషణాలు కూడా దండిగా వద్దు. "స్కరపస్తీజ్నయా" అంటే జబ్బుతో హఠాత్తుగా పోవడం, ఈయనకి సరిపోతుంది. ప్రమాదంలో పోతే ఆ మాట చెల్లదు, "గీబెల్" అంటారు. "బెజ్‌వ్రేమెన్నయా" అంటే అకాలం, 52కి సరే, 85కి కాదు. రెండూ కలిపి పెడితే పేపర్లో శ్రద్ధాంజలి అవుతుంది. ఎలా పోయారో ఆవిడకి తెలుసు, వట్టి "కన్‌చీనా" చాలు.

గుంటూరుమిర్చి: "దెర్జీతెస్" మాటేంటి? అందరూ అంటారుగా.

వోల్గాగట్టు: ఫోన్లో దగ్గరివాళ్లు అంటారు. పరిచయం లేని ఆవిడకి కాగితం మీద "నిలదొక్కుకోండి" అంటే ఆజ్ఞలా ఉంటుంది.

మాస్కోమెట్రో: వోల్గా గారు ప్రతిదానికీ "సందర్భాన్ని బట్టి" అంటున్నారు. నియమం చెప్పడం రానివాళ్లు చెప్పే మాట అది. ఆఫీసు ఉత్తరానికి ఒక నమూనా ఉంటుంది, దాన్ని అతికిస్తే చాలు. ఆయన చేసిన పని, వాళ్లకి తెలియని కథ, ఇదంతా ఎందుకు? సంతకం కంపెనీదేగా.

దస్త్రాలు_హైద్: అసలు సంగతి అదే, ముందే చెప్పాల్సింది. మా హెచ్.ఆర్. కంపెనీ లెటర్‌హెడ్ మీదే పంపమంటోంది. చివర్లో బకాయి జీతం, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ గురించి ఒక పేరా కలపమన్నారు. "ఒకే మెయిల్‌లో పని అయిపోతుంది" అట.

గుంటూరుమిర్చి: రామ రామ.

స్టీల్‌సిటీ: నాకొచ్చిన కాగితంలోనూ గేటు పాసు తిరిగివ్వమని ఉంది. అందుకే మంట అన్నది.

వోల్గాగట్టు: అయితే ఇంతసేపూ మనం కామా గురించి కొట్టుకున్నది వృథా. ల్యాప్‌టాప్ ఆ కాగితం మీద ఉంటే పై వాక్యాలు ఎంత చక్కగా ఉన్నా అది వస్తువు వసూలు ఉత్తరమే. జీతం సంగతి నిజంగానే ఆలస్యం చేయకూడదు. రష్యా కార్మిక చట్టం 141వ అధికరణం ప్రకారం, కుటుంబం కాగితాలు ఇచ్చిన వారం లోపు ఆ డబ్బు చెల్లించాలి. ఏ కాగితాలు కావాలో మాస్కో ఆఫీసులో మనిషి కొడుక్కి ఫోన్ చేసి చెప్పాలి. ల్యాప్‌టాప్ నలభయ్యో రోజు దాటాక అడగొచ్చు, అక్కడ కూడా తొమ్మిది, నలభై రోజులు పాటిస్తారు.

మాస్కోమెట్రో: కంపెనీ మౌనంగా ఉండిపోతే? అది ఇంకా అవమానం. అక్కడి ఇంటికి సంస్థ పేరుతో కాగితం రావడం గౌరవమే. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే, మీరెవరూ వినలేదు.

వోల్గాగట్టు: ఇది మీరు మొదట అన్న మాట కాదు గానీ, మాటలో నిజముంది. కంపెనీది వేరేగా ఒకే వాక్యం: "రుకవోద్‌స్త్వ ఇ కలెక్తీవ్ కంపానియి విరజాయుత్ గ్లుబోకియె సబలెజ్నవానియా రద్నీమ్ ఇ బ్లీజ్కిమ్", అంటే కంపెనీ యాజమాన్యం, సిబ్బంది బంధువులకూ ఆప్తులకూ గాఢ సంతాపం తెలుపుతున్నారు అని. కర్తలు రెండు కాబట్టి క్రియ బహువచనం. ఒక్క "కలెక్తీవ్" అయితే "విరజాయెత్". అది మాస్కో ఆఫీసు ఇచ్చుకుంటుంది. టీమ్ ఉత్తరం ఇది. ఆయన చేసిన పనిగా నేను ఊహించింది పెట్టాను, మీ సంగతి మీరు మార్చుకోండి:

```
Уважаемая Ирина Петровна,

примите наши искренние соболезнования
в связи с кончиной Андрея Викторовича.

Шесть лет мы вместе готовили документы.
Он сам перечитывал каждое наше письмо
и исправлял его так, что никому
не было неловко.

Скорбим вместе с Вами и Вашим сыном.
Светлая память Андрею Викторовичу.

Коллеги из Хайдарабада
```

మధ్య పేరాకి అర్థం: ఆరేళ్లు కలిసి కాగితాలు తయారుచేశాం, మా ప్రతి ఉత్తరాన్నీ తానే మళ్లీ చదివి, ఎవరికీ చిన్నతనం అనిపించకుండా దిద్దేవారు. కింద మీ పేర్లు ఒక్కొక్కటి, హోదాలు లేకుండా. "ఏ సాయం కావాలన్నా చెప్పండి" అని కావాలనే పెట్టలేదు, హైదరాబాద్ నుంచి మీరేం చేస్తారో మీకే తెలియనప్పుడు ఆ వాక్యం ఆవిడ మీద జవాబు రాసే బరువు పెడుతుంది.

చల్లపల్లి_చెరువు: "చిన్నతనం అనిపించకుండా" అన్నది బాగుంది. ఏడుపు అక్కడొచ్చింది. కానీ సాయం మాట లేకపోవడం నాకింకా నచ్చలేదు. కొడుకు చదువుకుంటున్నాడు అన్నారుగా.

వోల్గాగట్టు: ఫీజు కట్టే ఉద్దేశముంటే కట్టండి, ఉత్తరంలో కాదు.

చల్లపల్లి_చెరువు: అదేం మాటండీ. ఒక్క లైను వాళ్లకి ధైర్యం.

దస్త్రాలు_హైద్: నిజంగానే ఆయన మా తప్పులన్నీ దిద్ది, పైన "చిన్న సవరణ" అని రాసి పంపేవారు. ఆ వాక్యం అలాగే ఉంచుతున్నాను. ల్యాప్‌టాప్ పేరా తీసేయమని మేనేజర్‌తో మాట్లాడాలి, ఒప్పుకుంటారో లేదో. సాయం లైను గురించి టీమ్‌లోనే రెండు వర్గాలయ్యాయి.

మాస్కోమెట్రో: చివరికి కామా పెట్టారు, గమనించగలరు.