వెయిట్లు లేకుండా తీసిన గ్రూపు శాతాలను ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ నివేదికతో పోల్చవచ్చా?

లావణ్య (ప్రశ్న): తెలంగాణ మహిళల్లో అధిక బరువు ఉన్నవారి శాతాన్ని చదువు గ్రూపుల వారీగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ఫైలు నుంచి నేనే లెక్కించాను, వెయిట్లు వేయలేదు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 ఫైలులోనూ అలాగే చేశాను. నివేదికలో ఉన్న శాతాలు నావాటికి సరిపోవడం లేదు. గ్రూపు లోపల శాతం తీస్తున్నప్పుడు వెయిట్లు నిజంగా అవసరమా? రెండు రౌండ్లలోనూ ఒకేలా వదిలేశాను కాబట్టి పోలిక వరకైనా నిలుస్తుంది కదా?

సుధాకర్: గ్రూపు లోపల శాతమే కావాలంటే వెయిట్ పైనా కిందా కొట్టుకుపోతుంది. రాష్ట్రం మొత్తానికి ఒక్క అంకె చెప్పాలంటేనే వెయిట్లు కావాలి. నేను జిల్లాల వారీగా రెండు విధాలా తీసి చూశాను, దశాంశాల్లో తప్ప తేడా రాలేదు.

శైలజ: తూకం యంత్రం తేడాలుంటే మీరేం చేయలేరు లావణ్య గారూ, అవి ఫీల్డులో కొలిచినవి. బీఎమ్‌ఐ కాలమ్‌లో అసాధ్యమైన విలువలుంటే మాత్రం తీసేయండి.

లావణ్య: నేను అడిగింది శరీర బరువు గురించి కాదండీ, శాంపిల్ వెయిట్ గురించి, `v005` అనే కాలమ్. కానీ మీరు చెప్పిన అసాధ్యమైన విలువలు నా ఫైలులో నిజంగానే ఉన్నాయి, చూస్తాను.

కృష్ణారావు: సుధాకర్ గారికి జిల్లాల్లో తేడా రాకపోవడానికి కారణముంది. ఒకే జిల్లాలో ఉన్న ఇళ్ల వెయిట్లు దాదాపు దగ్గరదగ్గరగా ఉంటాయి, అందుకే అక్కడ నిజంగానే కొట్టుకుపోతాయి. చదువు గ్రూపు అలా కాదు. అది సర్వేలోని ముప్పై ఒక్క జిల్లాల మీదుగా పరుచుకుని ఉంటుంది.

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో ప్రతి జిల్లాకూ విడిగా అంకెలు ఇవ్వాలి కాబట్టి, జిల్లా పెద్దదైనా చిన్నదైనా శాంపిల్ ఇంచుమించు ఒకే స్థాయిలో తీశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో సుమారు 39 లక్షల మంది, అంటే రాష్ట్ర జనాభాలో 11 శాతం. శాంపిల్‌లో మాత్రం 31 జిల్లాల్లో అది ఒకటి, కాబట్టి వాటా 3 శాతం చిల్లర. అక్కడి ఒక్కో మహిళ ఎక్కువమందికి బదులుగా నిలబడాలి. ఆ పని చేసేదే వెయిట్. తలుపు తీయని ఇళ్లు, జవాబివ్వని మహిళల లెక్క కూడా అందులోనే కలుస్తుంది.

చదువు ఎక్కువున్న గ్రూపును తీసుకుందాం. ఇవి వివరణ కోసం నేను అనుకున్న అంకెలు. 300 మంది ఉన్నారు. అందులో 60 మంది హైదరాబాద్ వాళ్లు, ఒక్కొక్కరి వెయిట్ 3, వీరిలో 30 మందికి అధిక బరువు. మిగిలిన 240 మందికి వెయిట్ 0.8, వీరిలో 72 మందికి అధిక బరువు. వెయిట్ లేకుండా 300లో 102, అంటే 34 శాతం. వెయిట్‌తో పైన 90 + 57.6 = 147.6, కింద 180 + 192 = 372, అంటే 39.7 శాతం. గ్రూపు లోపలే దాదాపు ఆరు పాయింట్ల తేడా వచ్చింది, ఏదీ కొట్టుకుపోలేదు.

ఇంతకంటే ప్రమాదమైన తప్పు ఇంకోటి ఉంది. పైన వెయిట్ వేసిన 147.6 తీసుకుని, కింద అలవాటుగా వరుసల సంఖ్య 300 పెడతారు. 49.2 శాతం వస్తుంది. చూడ్డానికి నమ్మేలా ఉంటుంది, అందుకే దొరకదు. గ్రూపులోని అన్ని శాతాలూ కలిపితే 100 రావాలి. రాకపోతే హారం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి.

లావణ్య: అర్థమైంది సార్. కానీ రెండు రౌండ్లలోనూ వెయిట్ లేకుండా తీస్తే, తప్పు రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కదా?

కృష్ణారావు: ఉండదమ్మా. 2015-16 రౌండ్‌లో తెలంగాణకు పది జిల్లాలే. అప్పుడు హైదరాబాద్ పదిలో ఒకటి. 2019-21 రౌండ్‌లో 31 జిల్లాలు తీసుకున్నారు. జనం ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉన్నారు, జిల్లాకు సమానంగా తీసి ఉంటే శాంపిల్‌లో హైదరాబాద్ వాటా మాత్రం మూడో వంతుకు పడిపోయినట్టే.

హైదరాబాద్‌లో 50 శాతం, మిగతా రాష్ట్రంలో 25 శాతం అనుకోండి, రెండు రౌండ్లలోనూ ఏ మార్పూ లేదు. జిల్లాకు సమానంగా శాంపిల్ ఉంటే, వెయిట్ లేకుండా మొదటి రౌండ్‌లో 27.5 వస్తుంది, రెండో రౌండ్‌లో 25.8 వస్తుంది. అధిక బరువు తగ్గిందని మీరు రాస్తారు. తగ్గింది శాంపిల్‌లో హైదరాబాద్ వాటా. పాత రంగారెడ్డి జిల్లా మూడుగా చీలింది కాబట్టి అక్కడి వాటా అంతగా పడలేదు. అంటే పక్షపాతం జిల్లాకో తీరు. మీ ఫైళ్లలో జిల్లాల వాటాలు `v005` వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి తీసి చూసుకోండి, అసలు తేడా తెలుస్తుంది.

ఫాతిమా: మా కాలేజీ హాస్టల్లో భోజనం మీద ఆన్‌లైన్ ఫారం పెట్టాం. జవాబిచ్చిన వాళ్లలో ఎక్కువమంది అబ్బాయిలే. అబ్బాయిలు, అమ్మాయిల అసలు నిష్పత్తికి వెయిట్ వేస్తే సరిపోతుందా?

కృష్ణారావు: నిష్పత్తి సరిపోతుంది, జవాబివ్వని అమ్మాయిల అభిప్రాయం మాత్రం తెలియదు. జవాబిచ్చినవాళ్లు బాగా విసిగిపోయినవాళ్లే అయితే, వెయిట్ వాళ్ల విసుగునే పెద్దది చేస్తుంది.

సుధాకర్: ఒప్పుకుంటున్నాను, జిల్లాలను చూసి అన్నింటికీ అంటగట్టాను. కానీ ఒకటి అడుగుతా. ఒక్క మహిళకు వెయిట్ 5 ఉండి, గ్రూపులో ముప్పై మందే ఉంటే, ఆమె ఒక్కతే శాతాన్ని అటూ ఇటూ ఊపేయదా? అప్పుడు వెయిట్ లేని అంకే నిలకడగా ఉంటుంది.

కృష్ణారావు: నిలకడగా ఉంటుంది, తప్పు చోట నిలకడగా ఉంటుంది. ఊగుతుందన్న మీ మాట మాత్రం నిజం. పై ఉదాహరణలో వెయిట్ల మొత్తాన్ని వర్గం చేసి, వెయిట్ల వర్గాల మొత్తంతో భాగిస్తే దాదాపు 200 వస్తుంది. పొరపాటు హద్దులు 200 మంది ఉన్నట్టే విశాలమవుతాయి, 300 కాదు. చిన్న గ్రూపు విషయంలో వెయిట్ లేని సంఖ్యే చూడాలి. నివేదికల్లో 25 కంటే తక్కువ కేసులుంటే శాతం వేయరు, నక్షత్రం పెడతారు. 25 నుంచి 49 ఉంటే బ్రాకెట్లో వేస్తారు. శాతం వెయిట్‌తో, కేసుల సంఖ్య వెయిట్ లేకుండా, రెండూ పక్కపక్కన ఇవ్వండి.

లావణ్య: స్టాటాలో ఇలా రాశాను, సరేనా?

```
keep if v024==36
gen wt = v005/1000000
svyset v021 [pw=wt], strata(v022)
gen adhika = v445>=2500 if v445<6000
svy, subpop(if v213==0): tab v106 adhika, row percent obs
```

కృష్ణారావు: బాగుంది. `v213` గర్భిణుల్ని తీసేస్తోంది. నివేదికతో పోల్చాలంటే రెండు నెలల్లోపు కాన్పు అయినవాళ్లను కూడా తీయాలి. అది మరిస్తే వెయిట్లు సరిగ్గా వేసినా శాతం కలవదు, మీరు మళ్లీ వెయిట్‌నే అనుమానిస్తారు.

సుధాకర్: చివరిగా రిగ్రెషన్ సంగతి. జిల్లా, గ్రామం-పట్టణం మోడల్‌లో పెట్టేస్తే వెయిట్ అక్కర్లేదని నేను ఇప్పటికీ అంటాను. హద్దులు అనవసరంగా పెరుగుతాయి.

కృష్ణారావు: మోడల్ సరైనదైతే మీ మాట చెల్లుతుంది. చదువు ప్రభావం హైదరాబాద్‌లో ఒకలా, ఆదిలాబాద్‌లో ఒకలా ఉంటే, వెయిట్ లేని గుణకం ఏ జనాభాది? నేనైతే రెండూ వేసి చూస్తాను. తేడా వస్తే మోడల్‌లో ఏదో వదిలేశానని వెతుకుతాను.

సుధాకర్: వెతకండి, నేనూ వెతుకుతాను. కానీ తేడా వచ్చినంత మాత్రాన వెయిట్ వేసినదే నిజమని ఒప్పుకోను.

లావణ్య: నా పట్టిక మొత్తం మళ్లీ తీస్తున్నాను. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 ఫైలుతో మొదలుపెట్టాను, ముందు జిల్లాల వాటాలే చూస్తున్నాను.