బరంపురంలో గృహప్రవేశం: ముహూర్తం 7:25, పంతులుగారు 8:30కి, చుట్టాలు పదికి. ఎలా కుదురుతుంది?

అడిగినవారు (హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి కొన్నాళ్లే అయింది)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాం. ఫిబ్రవరి చివరి వారంలో గృహప్రవేశం. హైదరాబాద్‌లో మా మావగారి పురోహితులు ఉదయం 7:25కి కుంభలగ్నం అని ముహూర్తం పెట్టారు. ఇక్కడి తెలుగు పంతులుగారికి ముందు రాత్రి పెళ్లి ఉందట, 8:30 లోపల రాలేనన్నారు. విశాఖ చుట్టాలు పొద్దుటి రైలుకి బయల్దేరి పదింటికి ఇల్లు చేరతారు. భోజనాలు పన్నెండున్నరకి అనుకున్నాం, డెబ్భై మంది దాకా. వేరే పంతుల్ని వెతుక్కోవాలా?

రాయగడ అత్తయ్య

దీనికింత కంగారెందుకు బాబూ. అద్దె ఇంటికి పంతులుగారే అక్కర్లేదు. దీపం పెట్టి, పాలు పొంగించుకుని, ఆ పాలతో పరమాన్నం వండి దేవుడికి పెట్టండి. మేం మూడిళ్లు మారాం, మూడింటికీ అంతే.

అడిగినవారు

అత్తయ్యగారూ, అద్దె కాదండి, సొంతిల్లే. వాస్తు హోమం, సత్యనారాయణ వ్రతం రెండూ ఉన్నాయి.

బరంపురం మాస్టారు

పంతులుగారి సంగతి తర్వాత. ముందు ఆ 7:25 ఏ ఊరి లెక్కో మావగారిని కనుక్కోండి. హైదరాబాద్ లెక్కయితే ఇక్కడ పనికిరాదు. మనం వాళ్లకి తూర్పున ఆరు డిగ్రీల పైన ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఆ రోజుల్లో వాళ్లకి 6:40 ప్రాంతంలో పొద్దు పొడిస్తే మనకి 6:15కే పొడుస్తుంది. లగ్నం కూడా అంతే ముందుకి జరుగుతుంది. హైదరాబాద్‌లో కుంభం సుమారు 7:40 దాకా ఉంటే ఇక్కడ 7:15కే దాటిపోతుంది. మీరు 7:25కి గడప దాటితే అప్పటికే మీనం వచ్చేసి ఉంటుంది. కుంభం స్థిరలగ్నమనే కదా ఆయన ఏరి పెట్టింది, మీనం ద్విస్వభావం. గడియారం ముల్లు సరిపోయినా ఆయన పెట్టిన ముహూర్తం మాత్రం కాదది. గుండ్రంగా చెప్తున్నాను. మీ తేదీకి నిమిషాలు ఇక్కడి పంతులుగారి చేత వేయించుకోండి.

ఇచ్ఛాపురం తమ్ముడు

మాస్టారు చెప్పింది కరెక్ట్. తిథి, నక్షత్రం కూడా ఇరవై అయిదు నిమిషాలు తగ్గించేసుకోండి. మొత్తం పంచాంగమే జరుగుతుంది.

బరంపురం మాస్టారు

లేదు నాయనా, అక్కడే పొరపడుతున్నావు. తిథి, నక్షత్రం చంద్రుడి నడకను బట్టి పోతాయి. దేశమంతా ఒకే గడియారం కాబట్టి హైదరాబాద్‌లో నక్షత్రం 11:10కి మారితే ఇక్కడా 11:10కే మారుతుంది. ఊరిని బట్టి మారేవి సూర్యోదయం, దాన్ని పట్టుకుని లెక్కవేసే రాహుకాలం, దుర్ముహూర్తం, ఆపైన లగ్నం. అన్నీ కలిపి జరిపితే ఉన్న మంచి వేళ కూడా పోతుంది.

ఇక పంతులుగారి విషయం. లగ్నంలో పడాల్సింది నిజానికి ఎంత? గడపపూజ, గుమ్మడికాయ, ఆవుని ముందు నడిపించి దంపతులు పటం, కలశంతో లోపలికి రావడం, పాలు పొంగించడం. అరగంట, ముప్పావుగంట పని. గణపతి పూజ, పుణ్యాహవచనం, మండపారాధన, వాస్తు హోమం ఆ లగ్నంలోనే ముగియాలని లేదు, ముగియవు కూడా. ముహూర్తాల రోజున మూడు నాలుగు ఇళ్లు ఒప్పుకునే పంతులుగారు నెట్టుకొచ్చేది అలాగే. కొడుకునో శిష్యుడినో ముందు పంపి ప్రవేశం చేయిస్తారు, పెద్దాయన వచ్చి హోమానికి కూర్చుంటారు. అలా కుదురుతుందా అని ఆయన్నే అడగండి. 6:15కి గడపపూజ మొదలుపెడితే 6:45కి లోపలుంటారు, ఏడింటికి పాలు పొంగుతాయి. 8:30కి ఆయన వస్తే హోమం, పూర్ణాహుతి 10:15కి అవుతాయి. చుట్టాలు అప్పటికి దిగుతారు. 10:30కి వ్రతం, అయిదు కథలూ నిదానంగా చదివినా పన్నెండుంబావు.

ఇంకో దారి వృషభలగ్నం. ఆ రోజుల్లో ఇక్కడ 10:40 నుంచి దాదాపు పన్నెండున్నర దాకా ఉంటుంది, అదీ స్థిరమే. చుట్టాలందరూ ప్రవేశం కళ్లారా చూస్తారు, పంతులుగారూ ఖాళీగా ఉంటారు. కానీ హోమం, వ్రతం ఆ తర్వాతే కదా, విస్తళ్లు వేసేసరికి మూడవుతుంది. పైగా నక్షత్రం అప్పటిదాకా ఉండాలి, వర్జ్యం తగలకూడదు.

గుణుపురం వదిన

శిష్యుడి చేత ప్రవేశమంటే మా అత్తగారు ససేమిరా ఒప్పుకోలేదు. బ్రహ్మగారే దగ్గరుండి గడప దాటించాలన్నారు. మేం వృషభానికే పెట్టుకున్నాం. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పక్కింటివాళ్లు ఇడ్లీలు పెట్టారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల మాట ముందే కనుక్కోండి.

జయపురం బాబాయ్ (పెళ్లి వంటలు చేయిస్తుంటాను)

వంటకి గడియారం పెట్టకు అబ్బాయ్, వ్రతం కథని పెట్టు. పన్నెండున్నరకి అన్నావనుకో, వంటమేస్త్రి పదకొండుకే అన్నం వార్చి పడేస్తాడు. అటు పంతులుగారు ఆలస్యమైతే ఒంటిగంటకి అన్నం ముద్ద. చేయాల్సింది ఇది. పప్పు, పులుసు, పులిహోర పదకొండు లోపల దించెయ్యమను, అవి ఆగుతాయి. అన్నం రెండు వాయిలు. మూడో కథ మొదలవగానే మొదటి గుండిగకి ఎసరు. మొదటి బంతి కూర్చున్నాక రెండోది. గారెలు, అప్పడాలు హారతి గంట వినపడ్డాకే నూనెలో వెయ్యాలి.

గాడిపొయ్యి పెరట్లో తవ్వించు, లేదంటే శామియానా వెనక గ్యాస్ బర్నర్. కొత్త వంటింట్లో పాలు పొంగక ముందు వంటవాళ్లు పొయ్యి ముట్టించకూడదు. వాళ్లు తెల్లారుజామున అయిదుకే దిగుతారు, ఎవరూ చెప్పకపోతే తిన్నగా వంటింట్లోకే పోతారు. నైవేద్యానికి అన్నిట్లోంచీ ముందే వేరే గిన్నెల్లోకి తీయించు, రుచి చూసిన గరిట వాటిలో పెట్టనివ్వకు.

రైలు దిగినవాళ్లకి రాగానే ఉప్మా, కాఫీ పెట్టేయండి. ఉపవాసం మీ దంపతులకే గానీ వాళ్లకి కాదు. ఖాళీ కడుపుతో కథకి కూర్చోబెడితే రెండో కథకే వంటల దగ్గరికి వచ్చి నిలబడతారు, నా పని ఆగిపోతుంది.

ఇచ్ఛాపురం తమ్ముడు

రైలు గంట లేటైతే? వ్రతం ఆపాలా?

బరంపురం మాస్టారు

ఆపొద్దు. ఆపితే పంతులుగారి తర్వాతి ఇల్లు దెబ్బతింటుంది, ఆయన మన కథలు పరిగెత్తిస్తారు. హోమం అయ్యాక ఒక పావుగంట ఆగమంటే ఆగుతారు, అంతకు మించి అడగొద్దు. ఆఖరి కథకి వచ్చి తీర్థప్రసాదాలు తీసుకున్నా చాలు.

అడిగినవారు

మాస్టారూ, మీ అనుమానమే నిజం, అది హైదరాబాద్ లెక్కే. ఇక్కడి పంతులుగారు చూసి కుంభం 7:12 దాకా అన్నారు. వాళ్లబ్బాయిని ఆరింటికే పంపుతారట. మావగారు ఇంకా ‘మా బ్రహ్మగారు పెట్టినదాన్ని మార్చడమేమిటి’ అంటున్నారు, ఈ రాత్రి ఇద్దరు పంతుళ్లనీ ఫోన్‌లో కలుపుతాను. ఇంకొక్కటి: మా వీధిలో ఒడియా వాళ్లే ఎక్కువ, వాళ్లని ఎప్పుడు పిలవాలి?

గుణుపురం వదిన

మధ్యాహ్నం పిలిస్తే ఆఫీసులకి పోతారు, ఆడవాళ్లే వస్తారు. మా వీధిలో వాళ్లు గృహప్రతిష్ఠకి రాత్రి భోజనానికే పిలుస్తారు, మనమూ అలాగే పిలుస్తామనుకుంటారు.

జయపురం బాబాయ్

రెండు పూటలంటే రెండు వంటలమ్మా, ఖర్చు చూసుకోవద్దా? నన్నడిగితే మధ్యాహ్నమే అందర్నీ పిలవడం. వీలుకానివాళ్లకి సాయంత్రం రవ్వప్రసాదం ఇంటికి పంపండి. ప్రసాదం మాత్రం ఎక్కువ చేయించు, ఒడియా ఇళ్లలో నలుగురికి అడుగుతారు.

గుణుపురం వదిన

ప్రసాదం పంపి ఊరుకుంటే ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు బాబాయ్. పాతిక మందికి పూరీ, దాల్మా, ఖీరీ ఎంతవుతుంది? ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేయించండి, అంతే.