f'' ≥ 0 అయితే టాంజెంట్ గ్రాఫ్ కిందనే ఎందుకు ఉంటది? ఎడమ వైపు కుదరట్లేదు

నల్లగొండ_బీఎస్సీ
ఒక అంతరంలో అంతటా f'' ≥ 0 అయితే, అందులో ఏ బిందువు a దగ్గర టాంజెంట్ గీసినా గ్రాఫ్ దాని మీదనే ఉంటదని నిరూపించాలె. కుడి వైపు వచ్చింది. f'' ≥ 0 కాబట్టి f' ఎక్కడా తగ్గదు. లెగ్రాంజ్ మీన్ వాల్యూ థీరమ్ ప్రకారం f(x) − f(a) = f'(c)(x − a). ఇక్కడ c అనేది a, x ల నడుమ ఉంటది కాబట్టి f'(c) ≥ f'(a). ఎడమ వైపు పోతే c < a, అప్పుడు f'(c) ≤ f'(a). అసమానత తిరగబడింది కదా, మరి టాంజెంట్ పైకి రావాలె. ఎందుకు రాదు?

సూర్యాపేట_ఇంటర్_కోచింగ్
దీనికి లెగ్రాంజ్ దాకా ఎందుకు? టేలర్ వాడండి. f(x) = f(a) + f'(a)(x − a) + f''(a)(x − a)²/2. మొదటి రెండు పదాలే టాంజెంట్. మూడో దాంట్లో వర్గం ఉంది, f''(a) ≥ 0, కాబట్టి అది ఎప్పుడూ సున్నాకు తగ్గదు. కుడి, ఎడమ గొడవే లేదు. రెండు లైన్లలో అయిపోతుంది.

పాలమూరు_లెక్కల_సార్
ముందు ఎడమ వైపు సంగతి. f'(c) ≤ f'(a) వరకు సరిగ్గనే వచ్చినవ్ తమ్మీ, ఇంకొక్క అడుగు ఉంది. దాన్ని (x − a) తో గుణించాలె. ఎడమ దిక్కు అది నెగటివ్, అందుకే గుర్తు ఇంకోసారి తిరిగి f'(c)(x − a) ≥ f'(a)(x − a) అయితది. కుడి వైపు వచ్చిన అసమానతే ఇక్కడా వచ్చింది.

అంకెలతో చూడు. f(x) = x², a = 3, x = 1 తీసుకో. a దగ్గర వాలు 6. రెండు యూనిట్లు ఎడమకు వస్తే టాంజెంట్ 12 దిగి 9 నుంచి −3 కు చేరుతది. గ్రాఫ్ మాత్రం 9 నుంచి 1 కి, అంటే 8 మాత్రమే దిగింది. ఇక్కడ c = 2, వాలు 4. ఎడమకు పోయే కొద్దీ గ్రాఫ్ వాలు తగ్గుతది, టాంజెంట్ మాత్రం పాత వాలుతోనే దిగుతది. అందుకే టాంజెంటే ఎక్కువ కిందికి పోతది.

ఇక టేలర్. సూర్యాపేట సార్ రాసిన సమీకరణం అట్లనే నిలవదు. చివరి పదంలో ఉండాల్సింది f''(a) కాదు, f''(c). ఆ c అనేది a, x ల నడుమ ఎక్కడో ఉంటది, x మారితే అదీ మారుతది. అందుకే f'' ≥ 0 అనేది a దగ్గర ఒక్కచోట ఉంటే చాలదు, అంతరమంతా ఉండాలె. f''(a) అని రాస్తే ఆ షరతే కనపడకుండా పోతది.

సూర్యాపేట_ఇంటర్_కోచింగ్
c అని రాయాలి, నిజమే. కానీ f''(a) > 0 ఉంటే కనీసం a దగ్గర్లో అయినా టాంజెంట్ కిందే ఉంటుంది కదా?

పాలమూరు_లెక్కల_సార్
ఉంటది. కానీ ఆ దగ్గర ఎంత దగ్గర అనేది f''(a) ఒక్కటే చెప్పలేదు. x³ తీసుకోండి, a > 0. టాంజెంట్ y = 3a²x − 2a³. గ్రాఫ్‌లో నుంచి దీన్ని తీసేస్తే (x − a)²(x + 2a) మిగులుతది. వర్గాన్ని పక్కన పెడితే గుర్తు మొత్తం (x + 2a) చేతిలో ఉంది. a = 1 అయితే టాంజెంట్ −2 దాకా కిందనే ఉండి, ఆ తర్వాత గ్రాఫ్‌ను దాటి పైకి పోతది. x = −3 దగ్గర గ్రాఫ్ −27, టాంజెంట్ −11. a = 0.1 తీసుకుంటే −0.2 దగ్గరనే దాటేస్తది. a = 0 అయితే f'' సున్నా, టాంజెంట్ y = 0, అక్కడికక్కడే గ్రాఫ్‌ను కోసేస్తది.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. a = 1 కేసులో 0 నుంచి −2 వరకు f'' నెగటివే, అయినా ఆ ఒక్క టాంజెంట్ నిలబడ్డది. ఒక టాంజెంట్ కింద ఉందని f'' ≥ 0 అనలేం. అన్ని బిందువుల దగ్గరా టాంజెంట్లు కింద ఉంటేనే ఆ మాట అనొచ్చు.

గద్వాల_డీఎస్సీ
f'' పాజిటివ్ అంటే మినిమమ్ అని కదా రూల్. మినిమమ్ దగ్గర గ్రాఫ్ అడుగున ఉంటుంది, టాంజెంట్ దాని కింద ఆనుకుంటుంది. దీనికి ఇంత నిరూపణ ఎందుకు?

వనపర్తి_గణితం
ఆ రూల్‌కు ముందు f'(a) = 0 కావాలండి. eˣ కు f'' అంతటా పాజిటివే, మినిమమ్ ఎక్కడా లేదు. అయినా 0 దగ్గర టాంజెంట్ 1 + x, అది ప్రతి x కు eˣ కు కిందనే. మీరన్నది ఇందులోని ఒక ప్రత్యేక కేసు. f'(a) = 0 పెడితే టాంజెంట్ అడ్డగీత అయి f(x) ≥ f(a) వస్తుంది. అంతరమంతా f'' ≥ 0 ఉంటే అది చుట్టుపక్కల మినిమమ్ మాత్రమే కాదు, మొత్తం అంతరానికే మినిమమ్.

దేవరకొండ_రిగ్గు
బోరు లెక్కకు ఇది పనిచేస్తదా? అడుగు రేటు స్లాబుల్లో ఉంటది. లెక్క కోసం 300 అడుగుల దాకా 100 రూపాయలు, అక్కడి నుంచి 400 దాకా 110, ఆపైన 130 అనుకుందాం. ప్రతి స్లాబులో గీత తిన్నగనే ఉంటది, f'' సున్నా. మరి గ్రాఫ్ వంగినట్టా, వంగనట్టా?

వనపర్తి_గణితం
వంగింది, కానీ మొత్తం వంపు మలుపుల దగ్గరే ఉంది. అక్కడ f'' లేదు, f' కూడా లేదు. అందుకే ఇక్కడ f'' చూసి లాభం లేదు, వాలు పెరుగుతున్నదా లేదా అన్నదే చూడాలి. 450 అడుగులకు ఖర్చు 30,000 + 11,000 + 6,500 = 47,500. మొదటి స్లాబు గీతనే పొడిగిస్తే 45,000, కిందనే ఉంది. 110 గీతను వెనక్కి పొడిగిస్తే సున్నా లోతు దగ్గర −3,000, అదీ కిందనే. 300 దగ్గర టాంజెంట్ ఒక్కటి కాదు, 100 నుంచి 110 వరకు ఏ వాలుతో గీసినా గ్రాఫ్ కిందనే ఉంటుంది.

500 దాటాక 115 కు తగ్గిస్తే మాత్రం చెడిపోతుంది. 600 అడుగులకు ఖర్చు 65,500, కానీ 130 గీత పొడిగిస్తే 67,000, గ్రాఫ్ పైకి వచ్చేసింది. ఆ మలుపుకు రెండు పక్కలా f'' సున్నానే. f'' ఉన్న చోట్లు మాత్రమే చూస్తే ఈ రెండు కేసులకు తేడా దొరకదు.

నల్లగొండ_బీఎస్సీ
సార్, ఎడమ వైపు అర్థమైంది. ఇంకొకటి. 1/x² కు f'' = 6/x⁴, ఉన్న ప్రతి చోటా పాజిటివే. a = 1 దగ్గర టాంజెంట్ 3 − 2x. x = −1 పెడితే టాంజెంట్ 5, గ్రాఫ్ 1. ఇక్కడ మలుపు కూడా లేదు కదా?

పాలమూరు_లెక్కల_సార్
మంచి ఉదాహరణ పట్టినవ్. మలుపు లేదు, కానీ నడుమ సున్నా దగ్గర ఫంక్షనే లేదు. f'' ≥ 0 నుంచి f' తగ్గదు అని అన్నప్పుడు లెగ్రాంజ్‌నే వాడినం, దానికి రెండు బిందువుల నడుమ తెగని అంతరం కావాలె. ఇక్కడ f' = −2/x³. −1 దగ్గర 2, 1 దగ్గర −2. ముక్కల్లో విడివిడిగ పెరిగినా మొత్తంగ తగ్గింది. x > 0 వరకే తీసుకుంటే టాంజెంట్ ఎక్కడా పైకి రాదు. పరీక్షలో ‘అంతరం’ అన్న మాట వదిలేయకు.

దేవరకొండ_రిగ్గు
కేసింగ్ పైపు ఖర్చు కలిపితే?

వనపర్తి_గణితం
ఎంత లోతుకైనా ఒకటే మొత్తం అయితే గ్రాఫ్, గీతలు కలిసే పైకి జరుగుతాయి, ఏమీ మారదు. కానీ పైపు ఎన్ని అడుగులు దిగాలన్నది పైనున్న మట్టిని బట్టి ఉంటుంది కదా, లోతును బట్టి కాదు. అప్పుడు ఖర్చు రెండింటి మీద ఆధారపడుతుంది, ఒక్క f'' తో తేలదు. మీ దగ్గర పైపు రేటు అడుగుకు ఒకటేనా, అది కూడా స్లాబుల్లోనా?

దేవరకొండ_రిగ్గు
పైపు సైజును బట్టి వేరు వేరు. లోతుతోని దానికి సంబంధం ఉందో లేదో పాత బిల్లులు చూసి పెడత.