సమస్య: తప్పులున్నట్టి పొత్తమే తగిన కాన్క

గట్టుమీది రావి:
ఈ వారం సమస్య నాది. కొంచెం స్వార్థం కూడా ఉంది, ముందే చెప్పేస్తున్నా.

మేము 1996 పదో తరగతి బ్యాచి. అప్పట్లో మా క్లాసు టీచరు, లెక్కల మాస్టారు ఒకాయన. ప్రమోషన్ల మీద ఊళ్ళు తిరిగి, చివరికి మా హైస్కూలుకే హెడ్మాస్టరుగా వచ్చి, ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. మేం ఇరవై మందిమి కలిసి ఒక జ్ఞాపకాల పుస్తకం వేయిస్తున్నాం. మొదటి పేజీలో ఆయనకు ఉత్తరం, ఉత్తరం చివర ఒక పద్యం. పద్యం మాలో ఎవరికీ రాదు!

పుస్తకంలో ఫోటోలకంటే ముఖ్యమైనవి మా పాత నోటుబుక్కుల పేజీలు. మా వాళ్ళలో ఒకడి అమ్మ అటక మీద దాచిన ట్రంకుపెట్టెలో దొరికాయి. అన్నీ తప్పులే. అందుకే ఈ సమస్య:

*తప్పులున్నట్టి పొత్తమే తగిన కాన్క*

తేటగీతి నాలుగో పాదం. మిగతా మూడు పాదాలు మాస్టారితో నేరుగా మాట్లాడుతున్నట్టు ఉండాలి.

పెరటి మల్లె:
నా ప్రయత్నం.

విద్య నేర్పిన గురుదేవ! వినయ మొప్ప
మీదు పాదాల కర్పింతు మేము నేడు
భక్తి తోడుత కూర్చిన బహుళ స్మృతుల
తప్పులున్నట్టి పొత్తమే తగిన కాన్క.

కందిపొడి:
బాగుందండీ. యతులన్నీ కుదిరాయి. వి–వి, మీ–మే, భ–బ. గణాలు లెక్కపెట్టాను, సరిపోయాయి.

పాతబడి పంతులు:
యతుల మాట నిజం. గణాలు ఇంకోసారి లెక్కపెట్టు నాయనా. మూడో పాదంలో ‘బహుళ స్మృతుల’ సంస్కృత సమాసం. వెనక ‘స్మృ’ ఉంది కాబట్టి ‘ళ’ ఊదుకుని గురువవుతుంది. ‘బహుళ’ మూడు లఘువులు కాకుండా పోయింది, అక్కడ సూర్యగణం లేదు. పైకి చదువుతుంటే నాలుక ఆగుతుంది చూడు, అదే గుర్తు.

రెండోది, ‘అర్పింతు’ అంటే నేను. ‘మేము’ అయితే ‘అర్పింతుము’ అనాలి. ఇరవైమంది కలిసి రాసే ఉత్తరంలో ఒక్కడే అర్పిస్తే ఎలా? ఈ రెండు పాదాలు ఇలా సర్దుకోవచ్చు:

మీదు పాదాల నుంచితి మిదియె నేడు
భక్తి తోడుత కూర్చిన బడికతలివి

మల్లెగారూ, కోపగించుకోకండి. అసలు చిక్కు ఛందస్సులో లేదు. మీ మూడు పాదాలూ ఏ గురువుకైనా సరిపోతాయి. తప్పులున్న పుస్తకం ఎందుకు తగింది? ‘పొత్తమే’లో ఆ ‘ఏ’ ఎందుకు వచ్చింది? వేరే ఏ కానుకా తగదని కదా దాని అర్థం! మీ పద్యం ఆ ప్రశ్న పక్కనుంచి వెళ్ళిపోయింది. సమస్య నాలుగో పాదంలో కూర్చుని ఉంటే, పై మూడు పాదాలు పాదాభివందనం చేసి వచ్చేశాయి.

పెరటి మల్లె:
కోపమేం లేదు పంతులుగారూ. ‘స్మృ’ దెబ్బ ఇది మూడోసారి నాకు.

అచ్చుయంత్రం:
నాకు ఈ సమస్య చూడగానే కడుపు మండింది. మాది ప్రింటింగు పని. పోయినేడు ఇలాంటి పుస్తకమే ఒక బడికి వేశాం. టైపు చేసిన కుర్రాడు నలభై పేర్లలో ఆరు మార్చేశాడు. ప్రూఫు పంపితే వాళ్ళలో ఒక్కరూ చదవలేదు. సన్మానం స్టేజీ మీద తిట్లు మాత్రం నాకు. అందుకని:

అచ్చువారలు పేర్లన్ని యటుల నిటుల
మార్చివేసిరి గురువర్య! మాది కాదు
నేర; మైనను గైకొండు నెనరు తోడ;
తప్పులున్నట్టి పొత్తమే తగిన కాన్క.

గట్టుమీది రావి:
హహ్హ! అన్నా, నేను చెప్పిన తప్పులు అచ్చుతప్పులు కాదు. పిల్లలు రాసిన తప్పులు.

పాతబడి పంతులు:
ప్రశ్న వేరే అయినా పద్యం శుభ్రంగా ఉంది. ‘కాదు నేరము, ఐనను’ అని పాదం విరిచి తీసుకెళ్ళడం బాగా కుదిరింది. కానీ ఇక్కడా అదే లోటు. తప్పులున్నా పుచ్చుకోండి అంటున్నాడు. తప్పులున్నందుకే పుచ్చుకోండి అనాలి. ‘ఉన్నా’కీ ‘ఉన్నందుకే’కీ మధ్య ఉన్న దూరమే ఈ సమస్య.

కందిపొడి:
పంతులుగారూ, చివర ప్రశ్నార్థకం పెట్టేస్తే? ‘తగిన కాన్క?’ అని. తప్పులున్న పుస్తకం తగునా, తగదు అని తేల్చేయొచ్చు కదా.

పాతబడి పంతులు:
పెట్టొచ్చు. అవధానాల్లో ఆ దారి చాలామంది తొక్కారు. అవధానికి మధ్యలో నిషిద్ధాక్షరి, దత్తపది, ఆ గంటల లెక్క అన్నీ చూసుకుంటూ ఆవృత్తికి ఒక పాదం చొప్పున చెప్పాలి కాబట్టి ఆయనకి చెల్లింది. నువ్వు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని రాస్తున్నావు. పైగా ఆ పద్యం ఉత్తరంలో పెడితే, పుస్తకం ఇస్తూనే అది తగదని చెప్పినట్టవుతుంది.

డల్లాస్ బుల్లోడు:
నేనూ ఒకటి. నాకు బడి అంటే లెక్కల పీరియడ్ టెన్షనే గుర్తు.

లెక్క తప్పిన రోజున లేచి నిలిచి
బల్ల యెక్కిన దినములు మరువలేము
దాచి యుంచితి మా లెక్క, తారుమారు
తప్పులున్నట్టి పొత్తమే తగిన కాన్క.

పెరటి మల్లె:
‘తారుమారు తప్పులు’ భలే ఉంది బాబూ. కానీ ‘బల్ల’కి ‘మరువ’ యతి చెల్లుతుందా?

కందిపొడి:
చెల్లుతుంది. ప ఫ బ భ మ ఒకటే వర్గం కదా.

పాతబడి పంతులు:
వర్గం ఒకటే, యతి మాత్రం అలా రాదు. ప ఫ బ భ లు తమలో తాము చెల్లుతాయి. ‘మ’ వాటితో కలవాలంటే అందరికీ ఉకారం ఉండాలి, పు ఫు బు భు లతో ‘ము’. ‘బ’కి ‘మ’ పనికిరాదు. ‘దినములు పదిలమయ్య’ అంటే బ–ప సరిపోతుంది, అర్థమూ చెడదు.

గట్టుమీది రావి:
తమ్ముడూ, పద్యం నచ్చింది గానీ బల్ల ఎక్కించిన సంగతి వీడ్కోలు రోజున గుర్తుచెయ్యాలా? మా మాస్టారు ఎక్కించేవారే, కాదనను. పక్కన ఆయన మనవలు కూడా కూర్చుంటారు మరి.

డల్లాస్ బుల్లోడు:
అన్నా, నేను ప్రేమగానే రాశా! అది తీసేస్తే మళ్ళీ ‘విద్య నేర్పిన గురుదేవ’ అవుతుంది.

అచ్చుయంత్రం:
నేను బుల్లోడి పక్షం. దెబ్బలు తిన్నవాళ్ళే పుస్తకానికి డబ్బులేసుకుంటున్నారు.

పెరటి మల్లె:
నాకు సరదాగా అనిపించలేదు. మా క్లాసులో బల్ల ఎక్కిన పిల్ల ఒకతి మర్నాటి నుంచి బడికి రాలేదు. అందరి జ్ఞాపకం ఒకటి కాదు.

గట్టుమీది రావి:
ఇది తేలేలా లేదు. ట్రంకుపెట్టెలో దొరికిన ఒక కాగితం గురించి చెప్తా, ఎవరికైనా పనికొస్తుందేమో. అది సెలవు చీటీ. ‘తరగతి ఉపాద్యాయులు గారికి, నాకు జ్వరము వచ్చినందున రెండు రోజులు శెలవు’ అని మా వాడి రాత. మాస్టారు ‘ద్యా’ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కింద ఒత్తు పెట్టి, ‘శె’ కొట్టేసి ‘సె’ రాశారు. మార్జిన్‌లో ఇలా ఉంది: ‘సెలవు మంజూరు. జ్వరం తగ్గాక ధ్యా పదిసార్లు రాసుకుని రా.’ లెక్కల మాస్టారండీ ఆయన! తెలుగు ఒత్తులతో ఆయనకేం పని?

పెరటి మల్లె:
రావిగారూ, ఈ చీటీ సంగతి మొదట్లోనే చెప్పాల్సింది. నేనూ టీచర్నే. రాత్రి నలభై నోటుబుక్కులు దిద్దుతూ మీ సమస్య గురించే ఆలోచించాను. జవాబు సరిగ్గా ఉంటే ఒక టిక్కు కొట్టి పేజీ తిప్పేస్తాను, రెండు సెకన్లు. తప్పు ఉంటేనే పెన్ను ఆగుతుంది, నాలుగు మాటలు రాస్తాను. అంటే బాగా చదివే పిల్లల పుస్తకాల్లో నా చేతిరాతే ఉండదు! ఇదిగో రెండో ప్రయత్నం:

ఒప్పు వ్రాసిన పుటలపై నొక్క టిక్కె;
తప్పు జరిగిన నాడెల్ల దగ్గరుండి
యెఱ్ఱ గీతల మీ చేయి యెంత వ్రాసె!
తప్పులున్నట్టి పొత్తమే తగిన కాన్క.

డల్లాస్ బుల్లోడు:
అక్కా. నేను నా పద్యం వెనక్కి తీసుకుంటున్నా.

కందిపొడి:
‘ఒప్పు వ్రాసిన’లో వెనక ‘వ్రా’ ఉంది కదా, ‘ప్పు’ గురువు కాదా? ‘బహుళ స్మృతుల’కి పెట్టిన రూలు ఇక్కడ ఎందుకు లేదు?

పాతబడి పంతులు:
మంచి ప్రశ్న అడిగావు. అది సమాసం, ఇవి రెండు విడి తెలుగు మాటలు. ‘ఒప్పు’ దగ్గర ఊపిరి ఆగి మళ్ళీ ‘వ్రాసిన’ మొదలవుతుంది. అందుకే ‘ప్పు’ లఘువుగానే ఉంటుంది. మూడో పాదంలో ‘యెంత వ్రాసె’ కూడా అంతే. ‘చేయి యెంత’లో యకారం సంధి వల్ల వచ్చింది, యతి ఎకారానికే.

మల్లెగారూ, ఇప్పుడు ‘ఏ’ పలికింది. తప్పుల్లేని పుస్తకమైతే ఆయన చేయి అందులో ఉండేది కాదు, అందుకే ఇదే తగింది. గురువు, భక్తి, పాదాలు ఒక్కటీ లేవు, అయినా ఎవరికి రాశారో తెలిసిపోతోంది. ఒక్క ‘టిక్కె’ మాత్రం నాకు గొంతు దిగడం లేదు. ‘నొక్క గుర్తె’ అన్నా గణం చెడదు.

కందిపొడి:
గుర్తె అంటే ఏం గుర్తు? ఇంటూ కూడా గుర్తే. టిక్కే ఉండాలి.

పాతబడి పంతులు:
‘యెఱ్ఱ’లో బండి ఱ వేసి పక్కనే టిక్కు కొడతారా?

అచ్చుయంత్రం:
పద్యం గొడవ మీరు చూసుకోండి, నాదొక మాట. రావిగారూ, నోటుబుక్కు పేజీలు ఎలా వేస్తున్నారు?

గట్టుమీది రావి:
జిరాక్సు తీయించి ఇచ్చాం. కలర్ అయితే బడ్జెట్ దాటుతోంది.

అచ్చుయంత్రం:
అయితే ఈ పద్యం అబద్ధమైపోతుంది. నలుపు తెలుపులో పిల్లాడి నీలం సిరా, మాస్టారి ఎర్ర సిరా రెండూ ఒకే నలుపు. ఎవరు రాశారో, ఎవరు దిద్దారో తెలియదు. అసలు కాగితాలే తెచ్చి కలర్‌లో 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. మంచివి ఎనిమిది పేజీలు ఏరి పుస్తకంలో ఒకేచోట పెట్టండి. ఆ ఎనిమిదీ కలర్, మిగతావి మామూలు. అక్కడక్కడా చల్లితేనే ఖర్చు పెరిగేది. ఇంకోటి, టైపు చేసే కుర్రాడికి ఆ చీటీ ఇవ్వకండి. ‘ఉపాద్యాయులు’ చూసి వాడే దిద్దేస్తాడు.

గట్టుమీది రావి:
నిన్ననే దిద్దేశాడన్నా! చీటీ కింద చదవడానికి వీలుగా మళ్ళీ టైపు చేయిస్తే ఒత్తులన్నీ పెట్టేశాడు. మాస్టారు ఎర్రగా సున్నా చుట్టింది దేనికో అర్థం కాకుండా పోయింది. మళ్ళీ తప్పులు పెట్టించాను.

ఉత్తరం ఇలా రాశాం. చూసి చెప్పండి.

*మాస్టారికి నమస్కారాలు. మీరు దిద్ది మాకిచ్చిన సెలవు చీటీలు, లెక్కల నోట్సులు ఇన్నాళ్ళూ మా దగ్గరే ఉండిపోయాయి. వాటిని పుస్తకంగా కుట్టి తిరిగి ఇస్తున్నాం. పదిహేడో పేజీలో భాగహారం ఇప్పటికీ తప్పే, దాన్ని మేం ముట్టుకోలేదు. ‘ధ్యా’ పదిసార్లు రాయమన్నారు. మావాడు ఆరుసార్లే రాసి ఆపేశాడు, కాగితం ఇందులోనే ఉంది. మిగిలిన నాలుగూ చివరి పేజీలో రాసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత రెండు పేజీలు ఖాళీగా వదిలాం. మీ ఎర్ర పెన్ను ఇంకా ఉంటే, ఈ ఉత్తరంలోవి కూడా దిద్దండి.*

దీని కింద మల్లెగారి పద్యం.

పెరటి మల్లె:
నా పేరు వెయ్యొద్దు. ఉత్తరం మీ ఇరవైమందిది, పద్యమూ మీదే అనుకోండి.

పాతబడి పంతులు:
ఉత్తరం బాగుంది. ‘తిరిగి ఇస్తున్నాం’ అన్న మాట నాకు మరీ నచ్చింది. గుర్తె సంగతి ఆలోచించారా?

గట్టుమీది రావి:
మా బ్యాచి గ్రూపులో ఓటు పెట్టాను పంతులుగారూ. పదిమంది టిక్కె, పదిమంది గుర్తె. ప్రెస్సుకి శుక్రవారం వెళ్ళాలి.

కందిపొడి:
టిక్కె.