పలక వంగుతుందా?

లక్ష్మి, బొబ్బిలి: భూమి పైపొర పలకలుగా ఉండి, అవి కదులుతూ వంగి లోపలికి దిగుతాయని పిల్లలకి పాఠం చెప్తున్నాను. ఒకడు లేచి "పలక కింద పడితే పగులుద్ది గానీ వంగదు కదా మేడమ్" అన్నాడు. జవాబు తోచలేదు. వేరే మాట ఏదైనా ఉందా? పైగా నిఘంటువులో భూమికి ‘అచల’, అంటే కదలనిది, అని పేరు!

అప్పలనాయుడు, టెక్కలి: మావైపు పలకంటే వాయించేదండి. దానికీ భూమికీ ఏటి సంబంధం?

సూర్యం, శ్రీకాకుళం: అది వేరే పలక నాయుడూ. కింద లావా సముద్రం, దానిమీద ఇవి తేలుతూ కదుల్తుంటాయి. ‘తెప్ప’ అంటే సరిపోతుంది.

శర్మ, విజయనగరం: నలభై ఏళ్లు జియాలజీ చెప్పినవాణ్ణి, ఒక మాట. కదులుతాయన్నది నిజమే. కింద ఉన్నది మాత్రం లావా కాదు, గట్టి రాయే. వేడికి మెత్తబడి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంది. తెప్ప కూడా కుదరదు. తెప్ప మునిగితే ప్రయాణం ఆగిపోతుంది, ఇక్కడ మునగడం వల్లే సాగుతుంది. సముద్రం అడుగున కొత్త రాయి వేడిగా పుట్టి, కోట్ల ఏళ్లు చల్లారేకొద్దీ బరువెక్కుతుంది. సుమత్రా దగ్గర హిందూ మహాసముద్రం అడుగు అలాగే వంగి లోపలికి దిగుతోంది. లోతుకి పోయాక ఒత్తిడికి ఇంకా బరువైన రాయిగా మారి, మంచం మీంచి జారే దుప్పటిలా వెనకదాన్ని లాగుతుంది. దిగేటప్పుడు పైనున్న అంచుని పట్టుకుని కిందికి ఈడుస్తుంది. 2004 డిసెంబరు 26న ఆ పట్టు వదిలి అంచు పైకి లేచింది. సునామీ అదే.

లక్ష్మి: మరి శుక్రుడి మీద పలకలున్నాయా? సైజులో దాదాపు మనంతే కదండీ.

శర్మ: అక్కడ నేల మీద 460 డిగ్రీల వేడి, నీటి చుక్క లేదు. మన దగ్గర సముద్రపు నేల వంగేచోట పగుళ్లలోకి నీరు దిగి రాయిని బలహీనం చేస్తుంది. అందుకే విరిగి జారగలుగుతోంది. ఎండిన రాయి అంత తేలిగ్గా లొంగదు, కాబట్టి శుక్రుడంతా ఒకటే మూత అని ఎక్కువమంది అనుకుంటున్నారు. మీ ‘అచల’ పేరు దానికిచ్చెయ్యండి! అంగారకుడు చిన్నవాడు, త్వరగా చల్లారి మూత మందమైపోయింది. అక్కడి ఒలింపస్ అగ్నిపర్వతం 20 కిలోమీటర్లు దాటి పెరిగింది. మూత కదలదు కాబట్టి లావా అంతా ఒక్కచోటే పోగుపడింది. హవాయిలో పలక జరిగిపోతుంటుంది, అందుకే అక్కడ దీవుల వరుస ఏర్పడింది.

సూర్యం: శుక్రుడి మీద ఒకప్పుడు నీళ్లుండేవంటారే. అప్పుడు పలకలు ఉండేవేమో?

శర్మ: తేలలేదు. మెగెల్లాన్ అంతరిక్ష నౌక పంపిన రాడార్ చిత్రాల్లో కొన్ని కందకాలు చూసి, అక్కడక్కడ అంచులు ఇప్పటికీ దిగుతున్నాయేమో అనేవాళ్లూ ఉన్నారు. లక్ష్మిగారూ, ఫలకమన్నా పలకన్నా ఒకటే, సంస్కృతం మాట మన నోట్లో అరిగి పలకైంది. వంగడం రెండింట్లోనూ లేదు.

అప్పలనాయుడు: మా పలక చర్మం మంట మీద కాస్తే బిగుస్తాది, తడి తగిల్తే వదులైపోద్ది. మీ శుక్రుడు కాచినట్టు, భూమి తడిసినట్టు. మాస్టారూ, మా పలకే నయం కదండీ?

లక్ష్మి: రేపు క్లాసుకి ఒకటి తెచ్చిపెడతారా?