నాలుగు కోట్ల లోన్ తీసుకుంటే మిల్లు విలువ పెరుగుతుందా, పెరగదా?

మిర్యాలగూడ మిల్లు:
మాది బాయిల్డ్ రైస్ మిల్లు, ప్రైవేట్ లిమిటెడ్. ఇప్పటిదాకా అప్పు లేదు. కొత్త డ్రయ్యర్లు, సార్టెక్స్ పెట్టడానికి 4 కోట్లు కావాలి. బ్యాంకు 9 శాతానికి ఇస్తానంటోంది. లేదంటే మా బాబాయి ప్లాటు అమ్మి అదే 4 కోట్లు వాటాగా పెడతానంటున్నడు. వడ్డీ మీద పన్ను మిగులుతుంది, లోన్ తీసుకోమని ఆడిటర్ మాట. ఎంబీఏ చదివిన మా అల్లుడేమో అప్పు ఉన్నా లేకున్నా కంపెనీ విలువ ఒకటేనని 1958లోనే తేల్చారంటున్నడు. ఎవరి మాట నమ్మాలి?

పాలమూరు ఎంబీఏ:
మీ అల్లుడిదే కరెక్ట్ అన్నా. ఆ మాట తేల్చిన ఆర్థికవేత్తలు మోడిగ్లియాని, మిల్లర్ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మిల్లు సంపాదించేది ధాన్యం ఆడించి, బ్యాంకు కాగితాలతో కాదు. అయినా లోనే తీసుకోండి. బ్యాంకుకు 9 శాతం ఇస్తే సరిపోతుంది, మీ బాబాయి 12 శాతమైనా ఆశిస్తాడు. చవకైన డబ్బు కలిస్తే సగటు ఖర్చు తగ్గుతుంది.

దేవరకొండ జిన్నింగ్:
ఆ నోబెల్ పెద్దమనుషుల గేటుకు బ్యాంకు వాళ్ళు ఎప్పుడూ నోటీసు అంటించలేదు. నాకు అంటించారు. అప్పు ఉన్నా లేకున్నా ఒకటే అన్నవాడిని నా జిన్నింగ్ మిల్లు దగ్గరికి తీసుకొస్తా. ఇప్పుడు అందులో వేరేవాళ్ళ సిమెంటు బస్తాలున్నయి.

సూర్యాపేట లెక్కలు:
ఎంబీఏ తమ్మీ, నీ మొదటి మాట, చివరి మాట ఒకదానికొకటి పొసగవు. విలువ మారదంటే సగటు ఖర్చు కూడా మారదు.

పన్ను లేదనుకుని చూద్దాం. విస్తరణ అయ్యాక మిల్లులో ఏటా 1.2 కోట్లు మిగులుతాయనుకో. అప్పు లేకుండా డబ్బు పెట్టేవాడు 12 శాతం అడిగితే మిల్లు విలువ 10 కోట్లు. ఇప్పుడు 4 కోట్ల అప్పు పెట్టు. వడ్డీకి 36 లక్షలు పోతాయి. మిగిలిన 84 లక్షలు 6 కోట్ల వాటాకు వస్తాయి, అంటే 14 శాతం. చూడడానికి బాగుంది. కానీ పంట దెబ్బతిని మిల్లులో 36 లక్షలే మిగిలిన సంవత్సరం చూడు. అప్పు లేకపోతే వాటాదారులకు 3.6 శాతమైనా దక్కేది. అప్పుంటే సున్నా. ఆ రిస్క్ పెరిగింది కాబట్టే వాటాదారు 12 బదులు 14 అడుగుతాడు. బ్యాంకు దగ్గర చవకగా దొరికింది వాటా దగ్గర అంతే ఖరీదైంది. సగటు మళ్ళీ 12 శాతమే. 1958 నాటి మాట ఇదే. పన్ను లేని చోట అది తప్పు కాదు.

కానీ 1963లో వాళ్ళే పన్నును లెక్కలోకి తెచ్చి సరిదిద్దారు. కొత్త పన్ను రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్ కలిపి 25.168 శాతం పడుతుంది. పావు వంతు అనుకుందాం. అప్పు లేకపోతే 1.2 కోట్ల మీద పన్ను పోను 90 లక్షలు. అప్పుంటే బ్యాంకుకు 36 లక్షలు, మిగతా 84 మీద పన్ను పోను 63 లక్షలు, మొత్తం 99. ఏటా 9 లక్షలు సర్కారుకు పోకుండా మిల్లులోనే ఉన్నాయి. ఆడిటర్ చెప్పింది ఈ 9 లక్షల సంగతే.

పాలమూరు ఎంబీఏ:
ఒప్పుకుంటున్నా సార్. అట్లయితే ఇంకా మంచిదే కదా. ఏటా 9 లక్షలను 9 శాతంతో భాగిస్తే కోటి రూపాయలు. లోన్ తీసుకుంటే మిల్లు విలువ కోటి పెరిగినట్టే. దేవరకొండ అన్న తన బాధ చెప్తున్నడు, లెక్క చెప్తలేడు.

దేవరకొండ జిన్నింగ్:
లెక్కే చెప్తా, విను. పత్తి ధర పడ్డ సంవత్సరం మూడు కిస్తీలు తప్పాయి. 90 రోజులు దాటగానే ఖాతా ఎన్‌పీఏ అయింది. తర్వాత 60 రోజుల నోటీసు. జనం వేలం సంగతే మాట్లాడతారు గాని, నా మిల్లు వేలానికి ముందే సచ్చిపోయింది. నోటీసు వార్త తెలిసిన రోజు నుంచి కమీషన్ ఏజెంట్లు పత్తికి ముందు నగదు పెట్టమన్నారు. అంతకుముందు పదిహేను రోజుల ఉద్దెర ఇచ్చేవాళ్ళు వాళ్ళే. నూలు మిల్లు వాళ్ళు బేళ్ళకు ఇస్తామన్న అడ్వాన్సు ఆపారు. ప్రెస్సు మీద పనిచేసే ఫిట్టర్ పక్క మిల్లుకు పోయిండు. సీజన్ మొత్తం మిషన్లు ఊరికే ఉన్నాయి. మొదటి వేలానికి ఒక్కరూ రాలేదు. తర్వాత రిజర్వు ధర తగ్గించి అమ్మారు.

పాలమూరు ఎంబీఏ:
పత్తి ధర పడితే అప్పు లేనివాడికీ నష్టమే కదా? ధర చేసిన నష్టాన్ని అప్పు మీద వేస్తున్నారు. మీ ఒక్క కేసుతో సిద్ధాంతం పడిపోదు పెద్దన్నా.

దేవరకొండ జిన్నింగ్:
పక్క మిల్లు నాదాని లెక్కనే ఉండేది. అవే జిన్నులు, అదే రోడ్డు. అప్పు ఒక్కటే లేదు. అదే ధరకు వాడూ నష్టపోయిండు. గేటు మూసి, హమాలీలకు సగం కూలి ఇచ్చి సీజన్ గడిపిండు. మరుసటి ఏడు ధర లేచింది, వాడు ఇప్పటికీ నడిపిస్తుండు. నువ్వు పుస్తకం పట్టుకుని నా ఇల్లు పోయిన సంగతిని ఒక్క కేసు అంటున్నవు. నీతో మాట్లాడుడే దండగ.

సూర్యాపేట లెక్కలు:
ఇద్దరూ కాస్త ఆగండి. తమ్మీ, పక్క మిల్లు సంగతితో ఆయన నీ ప్రశ్నకు జవాబు చెప్పిండు. పక్క మిల్లుకు వచ్చిన నష్టం ధర వల్ల వచ్చింది. దాన్ని తీసేస్తే మిగిలింది అప్పు వల్ల వచ్చింది. ఖాళీగా పోయిన సీజన్, ఏజెంట్ల నగదు పట్టుదల, వెళ్ళిపోయిన ఫిట్టర్, వేలంలో తెగ్గోసిన ధర, ఇవే దివాలా ఖర్చులు. మిల్లు తాళాలు యజమాని చేతి నుంచి బ్యాంకు చేతికి మారడం వల్ల ఒక్క గింజ విలువ కూడా తగ్గదు. తాళాలు మారే దారిలో కారిపోయేదే అసలు నష్టం. అది వాటాదారుకూ దక్కదు, బ్యాంకుకూ దక్కదు. పన్నులో మిగిలేదాన్ని దీనితో తూచాలి.

నువ్వన్న కోటి కూడా ఉత్తదే. 9 లక్షలను 9 శాతంతో భాగించాలంటే 4 కోట్ల అప్పు ఎప్పటికీ తీరకుండా ఉండాలి. ఏటా తిరగరాసే సీసీ లిమిట్‌కైతే ఆ లెక్క కొంత నడుస్తుంది. ఇది టర్మ్ లోన్. ఏడేళ్ళలో సమాన వాయిదాల్లో తీరుతుందనుకుంటే మొదటి ఏడు వడ్డీ 36 లక్షలు, ఏడో ఏడు 5 లక్షల చిల్లర. ఏడేళ్ళ పన్ను ఆదా మొత్తం కలిపితే 36 లక్షలు. ఈనాటి విలువకు తెస్తే సుమారు 28 లక్షలు. కోటి కాదు. పైగా లాభం లేని ఏడాది ఆ ఆదా కూడా వెంటనే చేతికి రాదు, నష్టాన్ని ముందుకు మోసుకుపోయి లాభం వచ్చినప్పుడు సర్దుకోవాలి.

మిర్యాలగూడ మిల్లు:
సార్, 28 లక్షలంటే మా ఆడిటర్ ఇట్ల చెప్పలేదు. మరి రెండో తక్కెట్లో ఎంత పెట్టాలి?

సూర్యాపేట లెక్కలు:
అక్కడ ఎవరి అంచనా వాళ్ళదే. నా అంచనా చెప్తా. మిల్లు చిక్కుల్లో పడితే ధర నష్టం కాకుండా అదనంగా 2 కోట్లు కారిపోతాయనుకుందాం. 4 కోట్ల అప్పుతో అట్ల పడే అవకాశం నూటికి 15 అయితే ఆ భారం 30 లక్షలు. ఆదా 28. లోన్ వల్ల ఏమీ మిగల్లేదు. అదే 2 కోట్ల అప్పు తీసుకుని, బాబాయి దగ్గర 2 కోట్లు వాటాగా తీసుకుంటే ఆదా 14 లక్షలు. కిస్తీ సగమే కాబట్టి చిక్కుల్లో పడే అవకాశం నూటికి 3 అనుకుంటే భారం 6 లక్షలు. నికరంగా 8 లక్షలు మిగిలింది. అప్పు రెట్టింపైతే ఆదా రెట్టింపే అవుతుంది, ప్రమాదం మాత్రం అంతకంటే ఎక్కువ పెరుగుతుంది.

దేవరకొండ జిన్నింగ్:
నూటికి 15 ఎక్కడి నుంచి తెచ్చిన్రు? మిర్యాలగూడ మిల్లులకు సాగర్ ఎడమ కాల్వే ప్రాణం. యాసంగికి నీళ్ళు వదలని ఏడు ధాన్యం ఎక్కడి నుంచి వస్తది? అట్లాంటి ఏళ్ళు ఏడేళ్ళ లోన్ కాలంలో ఒక్కటి రాదని ఎవరు రాసిస్తారు? నన్నడిగితే నూటికి 30 వేస్తా.

సూర్యాపేట లెక్కలు:
నీళ్ళు రాని ఒక్క యాసంగి వేరు, మిల్లు కూలడం వేరు. నాలుగు కిస్తీలకు సరిపడా నగదు పక్కన ఉంటే ఒక పంట పోయినా ఖాతా నిలుస్తుంది. మీరు 30 వేస్తే మాత్రం లోన్ నష్టమే, అది నేను కాదనను.

పాలమూరు ఎంబీఏ:
ఇది ప్రైవేట్ లిమిటెడ్ కదా సార్. మిల్లు పోతే మిల్లే పోతుంది, యజమాని ఇంటికి ఏం సంబంధం?

దేవరకొండ జిన్నింగ్:
నాదీ ప్రైవేట్ లిమిటెడే తమ్మీ. డైరెక్టర్లందరితో వ్యక్తిగత పూచీ మీద సంతకాలు పెట్టించుకున్నాకే లోన్ ఇచ్చారు. మిల్లు వేలం డబ్బు అప్పుకు చాలలేదు, మిగతాదానికి నల్గొండలో మా ఇల్లు పోయింది.

సూర్యాపేట లెక్కలు:
పూచీ వల్ల కారిపోయే మొత్తం పెరగదు అన్నా. బ్యాంకు మీద పడాల్సిన నష్టం మీ మీదికి మారుతుంది. మిల్లు విలువ ఎంతన్నది ఒక లెక్క, నష్టం ఎవరి నెత్తిన పడిందన్నది వేరే లెక్క.

దేవరకొండ జిన్నింగ్:
నేను మొదటి నుంచి అడుగుతున్నది ఆ రెండో లెక్కే. మీరంతా మొదటిది చెప్తున్నరు. 8 లక్షలు మిగిలితే అందరూ పంచుకుంటారు. కూలితే ఇల్లు పోయేది సంతకం పెట్టినవాళ్ళకే. ఆ రెండూ ఒకే తక్కెట్లో ఎట్ల పెడతారు?

సూర్యాపేట లెక్కలు:
బ్యాంకు కోణంలో పెట్టొచ్చు. పూచీ ఉంది కాబట్టే 9 శాతానికి ఇస్తున్నారు, అది లేకుంటే వడ్డీ రేటు ఎక్కువుండేది. యజమాని కోణంలో పెట్టలేం. అతని ఆస్తంతా ఒకే కాల్వ మీద ఆధారపడి ఉంది, నాలుగు కంపెనీల్లో వాటాలున్నవాడి లెక్క అతనికి సరిపోదు. ఇక్కడ మీతో వాదించను.

మిర్యాలగూడ మిల్లు:
బాబాయి 4 కోట్లు పెడితే చెక్కుల మీద తన సంతకం కూడా ఉండాలంటున్నడు. లోన్ వైపు మా నాన్న మొగ్గు చూపడానికి అసలు కారణం అది, పన్ను కాదు. బాబాయిని 2 కోట్లకు ఒప్పించి, మిగతా 2 కోట్లు ఇల్లు లేకుండా బ్యాంకు ఇస్తుందా అని రేపు అడుగుతా.

దేవరకొండ జిన్నింగ్:
ఇల్లు తాకట్టు పెట్టకున్నా పూచీ సంతకం ఉంటే ఇంటి దాకా రావొచ్చు బిడ్డా. రెండూ వేరు. సాంక్షన్ లెటర్‌లో పూచీ పేరా విడిగా చదువు, దాంట్ల ఎంత మొత్తం వరకు అని పరిమితి రాయించుకో. పరిమితి లేదంటే బాబాయి సంతకమే నయం.